ముందు పరికరమా, ముందు శాంపిళ్లా?

నల్గొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌పై మూడేళ్ల ప్రాజెక్టు అనుకుందాం. మొదటి ప్లాన్‌లో ఒకటో వర్క్ ప్యాకేజీ అయాన్ క్రొమాటోగ్రాఫ్ అనే పరికరం కొనడం, అది అయ్యాకే శాంపిళ్లు. కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. కానీ అక్టోబరులో నిధులొస్తే టెండరు, జూనియర్ రీసెర్చ్ ఫెలో నియామకం తేలేసరికి మే దాటిపోవచ్చు. వానలకు ముందు తీయాల్సిన శాంపిళ్లు ఇక మరుసటి ఏడాదికే.

రెండో ప్లాన్‌లో రెండూ కలిసే నడుస్తాయి. మొదటి ఏడాది నీళ్లు ప్లాస్టిక్ సీసాల్లో పట్టి, బయటి ల్యాబ్‌లో రుసుము కట్టి పరీక్ష చేయిస్తాం. 60 బోర్లు, ఏటా రెండుసార్లు, అంటే మూడేళ్లకు మొత్తం 360 శాంపిళ్లు. ఫ్లోరైడ్ ఒక్కటే కొలిచేటప్పుడు ఎలక్ట్రోడ్ చాలదా, అయాన్ క్రొమాటోగ్రాఫ్ ఎందుకని నిధులిచ్చే కమిటీ అడగకమానదు.

నా ఓటు రెండోదానికే. కాకపోతే కొన్ని శాంపిళ్లు బయటి ల్యాబ్‌లోనూ, మన ల్యాబ్‌లోనూ కొలిచి సరిచూడాలి. ఆ ఖర్చూ బడ్జెట్‌లో చూపాలి.