ఎస్‌పీఐనా, ఐ2సీనా: చాలాకాలం రెండూ వాడాక నా అభిప్రాయం

ఒకే డేటా లాగర్‌ను చిన్న చిన్న మార్పులతో ఏళ్ల తరబడి కడుతూ వస్తున్నాను. టైమ్ కోసం డీఎస్3231, వాతావరణం కోసం బీఎంఈ280 సెన్సర్, కదలికలకు ఎంపీయూ6050, చిన్న ఓఎల్ఈడీ తెర, రాసుకోవడానికి ఎస్‌డీ కార్డు. ఎస్‌పీఐ, ఐ2సీ అంటే మైక్రోకంట్రోలర్ ఇలాంటి చిప్‌లతో తీగల మీద మాట్లాడే రెండు పద్ధతులు. నా లాగర్‌లో బీఎంఈ280ని, తెరను ఎస్‌పీఐ మీదైనా, రెండు తీగల ఐ2సీ మీదైనా నడపొచ్చు. అందుకే ఒకే చిప్‌ను రెండు రకాలుగా కలిపి, తేడా దగ్గరుండి చూసే అవకాశం దొరికింది.

వైరింగ్ చూస్తే ఐ2సీ చాలా తేలిక. ఎస్‌సీఎల్ అనే క్లాక్ తీగ, ఎస్‌డీఏ అనే డేటా తీగ. చిప్‌లు ఎన్ని ఉన్నా అవే రెండు. ఎస్‌పీఐలో క్లాక్ ఒకటి, పంపడానికి ఒకటి, తెచ్చుకోవడానికి ఒకటి, వీటిపైన ప్రతి చిప్‌కూ విడిగా, ఏ చిప్‌తో మాట్లాడుతున్నామో చెప్పే ఒక చిప్ సెలెక్ట్ తీగ. నాలుగు చిప్‌లు పెడితే ఏడు పిన్‌లు పోతాయి. పిన్‌లు తక్కువున్న మైక్రోకంట్రోలర్ మీద ఇది పెద్ద విషయమే.

కానీ ఆ రెండు తీగలకూ పుల్-అప్ రెసిస్టర్లు కావాలి. ఐ2సీలో ఏ చిప్ అయినా తీగను కిందికి మాత్రమే లాగుతుంది. మళ్లీ పైకి తెచ్చేది రెసిస్టరే. తీగ పొడవు, చిప్‌ల సంఖ్య పెరిగేకొద్దీ కెపాసిటెన్స్ పెరిగి, సిగ్నల్ పైకి లేవడం నెమ్మదిస్తుంది. లేవడానికి పట్టే సమయం సుమారుగా ఇలా వస్తుంది:

```
t = 0.8473 × R × C
```

ఈ ఉమ్మడి తీగల మీద, అంటే బస్ మీద, 200 పికోఫారడ్లు ఉన్నాయనుకుందాం. 4.7 కిలోఓమ్ రెసిస్టర్‌తో సుమారు 800 నానోసెకండ్లు వస్తుంది. 100 కిలోహెర్ట్జ్ ఐ2సీ వేగానికి 1000 నానోసెకండ్ల దాకా అనుమతి ఉంది కాబట్టి అక్కడ సరిపోతుంది. 400 కిలోహెర్ట్జ్‌కు పరిమితి 300 మాత్రమే, అంటే అక్కడ పనికిరాదు. 1.5 కిలోఓమ్ పెడితే 254కు దిగుతుంది. ఆసిలోస్కోప్ ఉంటే ఇది వెంటనే తెలిసిపోతుంది: నిలువుగా లేవాల్సిన గీత వంగి, పైకి చేరేలోపే మళ్లీ పడిపోతుంటుంది. రెసిస్టర్‌ను మరీ తగ్గించడమూ కుదరదు. 3.3 వోల్టుల దగ్గర సుమారు 970 ఓమ్‌ల కన్నా తక్కువైతే, మామూలు చిప్ తన 3 మిల్లీఆంపుల హామీలో తీగను పూర్తిగా కిందికి లాగలేదు. రెడీమేడ్ మాడ్యూళ్ల మీద పుల్-అప్‌లు ముందే అతికించి ఉంటాయి. 4.7 కిలోఓమ్‌లవి ఐదు మాడ్యూళ్లు కలిపితే అన్నీ సమాంతరంగా కలిసి 940 ఓమ్‌లు అవుతాయి. అలాంటప్పుడు రెండు మూడింటి మీద రెసిస్టర్లు తీసేయాలి.

వేగంలో ఎస్‌పీఐకి పోటీ లేదు, అయితే అది అవసరమయ్యేది కొన్ని పనులకే. 128×64 తెరకు ఒక పూర్తి ఫ్రేమ్ 1024 బైట్లు. ఐ2సీలో ప్రతి బైటుకూ తొమ్మిదో బిట్‌గా ‘అందింది’ అని చెప్పే అంగీకార సంకేతం ఉంటుంది కాబట్టి 9216 బిట్లు. 400 కిలోహెర్ట్జ్ మీద కనీసం 23 మిల్లీసెకండ్లు. 8 మెగాహెర్ట్జ్ ఎస్‌పీఐ మీద అదే పని ఒక మిల్లీసెకండులో అయిపోతుంది. ఆ 23 మిల్లీసెకండ్లూ బస్ బిజీగా ఉంటుంది. కదలికలను క్రమం తప్పకుండా చదవాల్సిన ఎంపీయూ6050 అదే బస్ మీద ఉంటే ఎదురుచూడక తప్పదు. తెరను ఎస్‌పీఐకి మార్చగానే రీడింగుల మధ్య ఖాళీలు పోయాయి. బీఎంఈ280 మాత్రం ఎటున్నా ఒకటే. క్షణానికి ఒకసారి కొన్ని బైట్లు ఇచ్చే చిప్‌కు మెగాహెర్ట్జ్‌లతో పనేముంది?

ఐ2సీ చిరునామా ఏడు బిట్లు. ప్రత్యేక అవసరాలకు పక్కన పెట్టినవి పోను 112 మిగులుతాయి. వినడానికి ఎక్కువే, కానీ తయారీదారులు ఒకే అంకెలను పదే పదే వాడతారు. నా లాగర్‌లోనే డీఎస్3231ది `0x68`, ఎంపీయూ6050ది కూడా `0x68`. మొదటిదాన్ని మార్చలేం. రెండోదానికి ఏడీ0 పిన్ ఉంది, దాన్ని 3.3 వోల్టులకు కలిపితే `0x69` అవుతుంది. ఇలాంటి పిన్ లేని చిప్‌లు రెండు ఒకే చిరునామాతో వస్తే మధ్యలో మల్టీప్లెక్సర్ పెట్టాలి, లేదా రెండో బస్ తెరవాలి. ఎస్‌పీఐలో ఈ గొడవే ఉండదు.

ఇన్నాళ్ల వాడకంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది వేరే ఉంది: ఏదైనా తేడా చేసినప్పుడు ఏ బస్ ఎలా ప్రవర్తిస్తుంది? బీఎంఈ280 వైరు ఊడితే ఐ2సీలో అంగీకార సంకేతం రాదు, ఆర్డుయినో కోడ్‌లోని `Wire.endTransmission()` 2 అని చెబుతుంది. ఎస్‌పీఐ ఏమీ చెప్పదు. ఖాళీ తీగను చదివి `0xFF`లో, `0x00`లో ఇస్తుంది, అవే కార్డులోకి ఎక్కుతాయి. అందుకే ఎస్‌పీఐ మీద ఉన్నప్పుడు మధ్యమధ్యలో ఆ చిప్ గుర్తింపు సంఖ్య ఉండే `0xD0` రిజిస్టర్ చదివి, `0x60` వచ్చిందో లేదో చూసి తీరాలి.

మరోవైపు ఐ2సీలో ఒక్క చిప్ మొరాయిస్తే అందరూ ఆగిపోతారు. చదవడం మధ్యలో మైక్రోకంట్రోలర్ రీసెట్ అయిందనుకోండి. ఆ క్షణాన చిప్ సున్నా పంపుతుంటే, తర్వాతి క్లాక్ కోసం ఎస్‌డీఏను కిందికి పట్టుకుని అలాగే కూర్చుంటుంది. డీఎస్3231కు బ్యాటరీ కూడా ఉండటంతో మెయిన్ పవర్ తీసి పెట్టినా అది వదలకపోవచ్చు. పరికరం హ్యాంగ్ అయినట్టు కనిపిస్తుంది. మీటర్ పెట్టి చూస్తే ఎస్‌సీఎల్ 3.3 దగ్గర, ఎస్‌డీఏ సున్నా దగ్గర ఉంటాయి. మందు ఏమిటంటే, `Wire.begin()` కన్నా ముందు తొమ్మిది క్లాక్‌లు కొట్టడం:

```
for (int i = 0; i < 9; i++) {
  digitalWrite(SCL, LOW);
  pinMode(SCL, OUTPUT);
  delayMicroseconds(5);
  pinMode(SCL, INPUT);
  delayMicroseconds(5);
}
```

ఆ తర్వాత ఒక స్టాప్ సంకేతం ఇస్తే బస్ మామూలైపోతుంది. ఈ కొద్ది వరుసలు లేకుండా మనుషులు దగ్గర లేని చోట ఐ2సీ పెట్టకూడదని నా గట్టి నమ్మకం.

ఎస్‌పీఐకీ ఇలాంటిది ఒకటుంది, ఎస్‌డీ కార్డుతో. చిప్ సెలెక్ట్ పైకి లేపినా, ఇంకో ఎనిమిది క్లాక్‌లు వచ్చేదాకా కార్డు డేటా తీగను వదలకపోవచ్చు. ఈలోగా తెచ్చుకునే తీగ మీద ఇంకో చిప్ మాట్లాడితే చెత్త వస్తుంది. కార్డుతో పని అయ్యాక ఒక `0xFF` బైటు అదనంగా పంపితే చాలు. స్టార్ట్ అయ్యేటప్పుడు అన్ని చిప్ సెలెక్ట్‌లనూ ముందే పైకి లేపి ఉంచడం కూడా తప్పనిసరి, లేకపోతే కార్డు ఒక్కోసారి గుర్తించబడదు, ఒక్కోసారి గుర్తించబడుతుంది.

ఇప్పుడు నా బోర్డు మీద తెర, కార్డు ఎస్‌పీఐ మీద ఉన్నాయి. డీఎస్3231, ఎంపీయూ6050 ఐ2సీ మీద, 400 కిలోహెర్ట్జ్‌లో. డబ్బా బయటికి కేబుల్‌తో వెళ్లే బీఎంఈ280కి మైక్రోకంట్రోలర్‌లోని రెండో ఐ2సీ పోర్టును, 100 కిలోహెర్ట్జ్‌లో, పూర్తిగా దానికే ఇచ్చాను. ఆ కేబుల్ తెగినా, నీళ్లు పడి షార్ట్ అయినా ఆ ఒక్క కాలమ్ ఖాళీగా ఉంటుంది, మిగతా లాగ్ టైమ్‌తో సహా రాస్తూనే ఉంటుంది.