జాగ్రత్త: ప్రింటర్ మాటిమాటికీ ఆఫ్‌లైన్ అంటోందా? బోర్డుకు డబ్బు కట్టేముందు కేబుల్ పీకి చూడండి

ఆఫీసు ప్రింటర్ నెట్‌వర్క్‌లో ఒకసారి కనిపించి ఇంకోసారి మాయమవుతుంటే ఎక్కువగా వినిపించే మాటలు రెండు. "నెట్‌వర్క్ బోర్డు పోయింది, మార్చాలి" అన్నది ఒకటి. "పాతదైపోయింది, కొత్తది తీసుకోండి" అన్నది రెండోది. ఈ కింది కథలో ఆ ఆఫీసువాళ్లు రెండు ఖర్చులూ పెట్టారు. జబ్బు మాత్రం పోలేదు.

పన్నెండు మంది ఉండే ఆఫీసు. ఒకటే లేజర్ ప్రింటర్, కేబుల్‌తో రౌటర్‌కు కలిపి ఉంది. పొద్దున్న తొమ్మిదింటికి దివ్యంగా పనిచేస్తుంది. పదిన్నర దాటాక నలుగురైదుగురికి ప్రింట్ వస్తుంది, మిగతావాళ్ల తెర మీద `Offline` అని పడుతుంది. ఆపి ఆన్ చేస్తే అందరికీ వస్తుంది. కాసేపటికి మళ్లీ అదే తంతు. అకౌంట్స్‌లో ఒకాయన సెలవు పెట్టిన రోజు మాత్రం సాయంత్రం దాకా ఒక్క పేజీ కూడా ఆగదు. దాంతో ఆ ప్రింటర్‌కు శాపం ఉందని, ఆయన గడప తొక్కితే చాలు పడుకుంటుందని ఆఫీసంతా తేల్చేసింది. పాపం, ఆయన దాని దగ్గరికి వెళ్లేదే తక్కువ.

మొదట బోర్డు మార్పించారు. నాలుగు రోజులు బాగానే నడిచింది. ఆ నాలుగు రోజులూ ఆయన ఊళ్లో లేడన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆయన వచ్చాక మళ్లీ మొదలయ్యేసరికి ప్రింటర్‌నే మార్చారు. బిగించినవాళ్లు కంప్యూటర్లలో ఏమీ మార్చాల్సిన పని లేకుండా పాత ప్రింటర్‌కు ఉన్న ఐపీ అడ్రస్‌నే కొత్తదానికీ చేత్తో కొట్టి వెళ్లారు. శాపం కొత్త ప్రింటర్‌కు కూడా అంటుకుంది.

తర్వాత వచ్చిన టెక్నీషియన్ మూత కూడా తీయలేదు. ముందు ప్రింటర్ మెనూలోంచి కాన్ఫిగరేషన్ పేజీ ప్రింట్ తీశాడు. అది మచ్చ లేకుండా వచ్చింది. అంటే డ్రమ్, టోనర్, ఫ్యూజర్, కాగితం లాగే రోలర్లు అన్నీ సవ్యంగానే ఉన్నట్టు. ఆ పేజీలో ఐపీ అడ్రస్ 192.168.1.50, దాని పక్కన `Manual` అని ఉంది. రౌటర్ తెరిచి చూస్తే, అది మిగతా పరికరాలకు పంచిపెట్టే నంబర్లు 192.168.1.2 నుంచి 192.168.1.254 దాకా ఉన్నాయి. ప్రింటర్ నంబర్ ఆ పంపిణీ మధ్యలోనే ఉంది. సగం సమాధానం అక్కడే దొరికింది.

మిగతా సగం కోసం ప్రింటర్ వెనక నెట్‌వర్క్ కేబుల్ పీకేసి, పక్కనున్న కంప్యూటర్‌లో ఇవి కొట్టాడు. `ping` ఆ నంబర్‌ను పలకరిస్తుంది, `arp -d` ఆ నంబర్ ఎవరిదని కంప్యూటర్ గుర్తు పెట్టుకుందో అది చెరిపేస్తుంది, `arp -a` ఏ నంబర్ ఏ పరికరానిదో చూపిస్తుంది. రెండో వరుసకు మాత్రం కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి.

```
ping 192.168.1.50
arp -d 192.168.1.50
ping 192.168.1.50
arp -a
```

కేబుల్ లేని ప్రింటర్ జవాబివ్వకూడదు. కానీ జవాబు వచ్చింది. అదీ ఒకసారి 80, ఇంకోసారి 200 మిల్లీసెకన్లు అంటూ ఎగుడుదిగుడుగా. కేబుల్ మీద ఉన్న ప్రింటర్ మామూలుగా ఒకటి రెండు మిల్లీసెకన్లలో పలుకుతుంది. ఇలా నిద్రమత్తుగా పలికేది వైఫై మీద ఉన్న ఫోనే అయి ఉంటుంది. `arp -a` జాబితాలో 192.168.1.50 ఎదురుగా ఉన్న మ్యాక్ అడ్రస్, అంటే పరికరాన్ని గుర్తుపట్టే సొంత నంబర్, కాన్ఫిగరేషన్ పేజీలో అచ్చయిన ప్రింటర్ మ్యాక్ అడ్రస్ వేరువేరు. రౌటర్ జాబితాలో ఆ మ్యాక్ పక్కన ఒక ఫోన్ మోడల్ పేరుంది.

"సార్, మీ ఫోన్లో వైఫై ఒక్క నిమిషం ఆపుతారా?" అని అకౌంట్స్ ఆయన్ని అడిగాడు. ఆపగానే జవాబులు ఆగిపోయాయి.

జరిగింది ఇదీ. సాయంత్రం ప్రింటర్ స్విచ్ ఆపేసే అలవాటు ఆ ఆఫీసులో ఉంది. ఎప్పుడో అది ఆగి ఉన్న వేళ ఆ ఫోన్ వైఫైలో చేరింది. 50 ఖాళీగా ఉందనుకుని రౌటర్ ఆ నంబర్ ఇచ్చేసింది. చేత్తో కొట్టిన నంబర్ సంగతి రౌటర్‌కు తెలియదు కదా. చాలా రౌటర్లు ఒకసారి ఇచ్చిన నంబర్‌నే అదే పరికరానికి మళ్లీ మళ్లీ ఇస్తాయి. అందుకే రోజూ పదిన్నరకు ఆయన జేబులో ఫోన్ లోపలికి రాగానే ఒకే నంబర్‌కు ఇద్దరు సొంతదారులు తయారవుతున్నారు. ఆ నంబర్ ఎవరిదని కంప్యూటర్లు అడిగినప్పుడు కొన్నింటికి ప్రింటర్ మ్యాక్, కొన్నింటికి ఫోన్ మ్యాక్ జవాబుగా అందుతుంది. ఎవరి కంప్యూటర్ ఏది గుర్తు పెట్టుకుంటే దాని పేజీలు అటే వెళ్తాయి. శాపం మనుషుల్ని ఎంచుకున్నట్టు కనిపించింది ఇందుకే. ఆపి ఆన్ చేస్తే కాసేపు పనిచేయడానికీ కారణం ఇదే. ఆన్ అవుతూనే చాలా ప్రింటర్లు ఈ నంబర్ నాదని నెట్‌వర్క్ అంతటికీ చాటుతాయి, కంప్యూటర్లు తమ లెక్క సరిచేసుకుంటాయి. కాబట్టి "రీస్టార్ట్ చేస్తే వస్తోంది, బోర్డు వేడెక్కుతున్నట్టుంది" అని ఎవరైనా అంటే నమ్మేయకండి.

ఈ పరీక్షలో పొరపాటు పడే చోట్లు రెండున్నాయి. కేబుల్ పీకాక `Destination host unreachable` అని వస్తే అది జవాబు కాదు. ఆ వరుస `Reply from` అనే మొదలవుతుంది గానీ, పక్కనున్న నంబర్ మీ కంప్యూటర్‌దే. రెండోది, నంబర్ పట్టుకున్నది విండోస్ ల్యాప్‌టాప్ అయితే దాని ఫైర్‌వాల్ పింగ్‌కు పలకనివ్వకపోవచ్చు. అయినా `arp -a` లో దాని మ్యాక్ బయటపడుతుంది. కంప్యూటర్‌లో ముందే గుర్తుండిపోయిన ప్రింటర్ మ్యాక్‌నే చూసి మోసపోకుండా `arp -d` ముందు కొట్టేది ఇందుకే. ఇంకోమాట, ఈ పరీక్ష గొడవ జరుగుతున్నప్పుడే చేయాలి. అంతా బాగున్నప్పుడు చేస్తే ఏమీ దొరకదు.

సరిచేయడానికి అతను రౌటర్‌లో పంపిణీ మొదటి నంబర్‌ను 2 నుంచి 100కి మార్చి, రౌటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేశాడు. ఫోన్‌కు కొత్త నంబర్ వచ్చింది. ప్రింటర్ 50లోనే ఉండిపోయింది, పన్నెండు కంప్యూటర్లలో ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. అయితే కెమెరాలు, హాజరు యంత్రం లాంటివాటికి కూడా చేత్తో నంబర్లు కొట్టి ఉంటే, అవి 100లో గానీ ఆ పైన గానీ లేవని ముందే చూసుకోవాలి. రౌటర్‌లోనే ప్రింటర్ మ్యాక్‌కు 50ని రిజర్వ్ చేసి, ప్రింటర్‌ను ఆటోమేటిక్‌లో పెట్టడం ఇంకో దారి. ఆ దారిలో ఎక్కువమంది చేసే తప్పు, కేబుల్ మ్యాక్ బదులు వైఫై మ్యాక్ రాయడం. రెండూ వేరు.

బోర్డు నిజంగా పోవచ్చు కూడా. కేబుల్ మార్చి, రౌటర్‌లో ఇంకో పోర్టుకు పెట్టినా ప్రింటర్ పోర్టు దగ్గర దీపం వెలగకపోతే బోర్డును అనుమానించాలి. వేరే ఏ పరికరం దగ్గరా ఆ నంబర్ లేదని తేలినా ప్రింటర్ పింగ్‌కు పలకకపోతే, యూఎస్‌బీతో మాత్రం చక్కగా ప్రింట్ ఇస్తే, అప్పుడూ అంతే. ఇవి చూడకుండా బోర్డుకు కొటేషన్ ఇచ్చేవాళ్లను "కేబుల్ పీకి పింగ్ చేసి చూశారా?" అని అడగండి. కొత్త ప్రింటర్ బిగించేవాళ్లు చేత్తో ఐపీ కొడుతుంటే, రౌటర్ పంపిణీ ఎక్కడ మొదలవుతుందో వాళ్లచేతే తెరిపించి చూడండి. రిజర్వ్ చేసిన ప్రింటర్‌కు తర్వాతెప్పుడైనా బోర్డు మారిస్తే మ్యాక్ కూడా మారే అవకాశం ఉంది. కొత్త కాన్ఫిగరేషన్ పేజీ తీసి, మారి ఉంటే రౌటర్‌లో మళ్లీ రాయించుకోండి.