వైబీసీఓనా, నయోబియమా?

అతివాహకం తన లోపలి నుంచి అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టేయడాన్ని, అంటే వెలివేతను, చూపాలంటే ఈ రెండు అతివాహకాల్లో ఏది తీసుకోవాలి? హైదరాబాద్ కాలేజీ ల్యాబ్‌లో అయితే యిట్రియం, బేరియం, రాగి కలిసిన ఆక్సైడ్ వైబీసీఓ చవక: ద్రవ నైట్రోజన్, థర్మోకోల్ గిన్నె చాలు. నయోబియం అతివాహకం కావాలంటే 9.2 కెల్విన్ కిందికి రావాలి; దానికి ద్రవ హీలియం, ఆ చలిని నిలిపే పాత్ర క్రయోస్టాట్ కావాలి.

క్షేత్రాన్ని ఆపడంలో మాత్రం నయోబియందే పైచేయి. ఉపరితలం నుంచి క్షేత్రం 37 శాతానికి పడిపోయే దూరమే చొరబాటు లోతు. 4.2 కెల్విన్‌లో శుద్ధ నయోబియానికి అది సుమారు 40 నానోమీటర్లు. వైబీసీఓకి అతిశీతలంలో 150 ఉంటే, ద్రవ నైట్రోజన్ ఉండే 77 కెల్విన్‌లో λ = λ₀/√(1−(T/Tc)⁴) ప్రకారం దాదాపు 210. ఇందులో λ చొరబాటు లోతు, λ₀ అతిశీతలంలో దాని విలువ, T ఉష్ణోగ్రత, Tc పదార్థం అతివాహకంగా మారే ఉష్ణోగ్రత.

100 నానోమీటర్ల పొర తీసుకుని దానికి సమాంతరంగా బలహీన క్షేత్రం పెట్టండి. వైబీసీఓ నడిమధ్యలో 97 శాతం మిగులుతుంది, నయోబియంలో 53. అంత పలుచని వైబీసీఓ క్షేత్రాన్ని దాదాపు ఆపనట్టే.

అయస్కాంతాన్ని తేల్చి చూపాలంటే మిల్లీమీటర్ల మందమున్న వైబీసీఓ బిళ్ల తీసుకోండి. అయస్కాంతం పైన ఉండగానే చల్లబరిస్తే క్షేత్రం లోపల చిక్కుకుంటుంది; బిళ్లను ఎత్తితే అయస్కాంతం కూడా వెంట వస్తుంది. అది వెలివేత కాదు. పలుచని పొరలోనూ వెలివేత కనబడాలంటే, ఖర్చయినా నయోబియమే.