ఏడేళ్ళుగా మా ఇంటి ఏట్రియం: గాలి ఎటు వెళ్తోంది?

హైదరాబాద్‌లో మాది మూడంతస్తుల ఇల్లు. కింద అన్నయ్య వాళ్ళు, మధ్యలో అమ్మానాన్న, పైన మేం. నడిమధ్యలో కింది నుంచి పైదాకా ఖాళీ వదిలి, పైన గాజు కప్పు వేశాం. అదే మా ఏట్రియం. నేల దగ్గర జాలీలు, కప్పు కింద నాలుగు వైపులా తెరిచి మూసే రెక్కల లూవర్లు. వేడిగాలి తేలికై పైకి పోతుంది, చల్లగాలి కింద లోపలికొస్తుంది అన్నది ఆలోచన. మొదటిసారి చూసి అమ్మమ్మ, "మండువాకి మూత పెట్టారేంట్రా" అంది. ఆ మాట విలువ నాకు తర్వాత తెలిసింది.

తొలి ఏడాది పోరంతా పై అంతస్తులోనే. కింద వదిన ఎండుమిరపకాయల తాలింపు వేస్తే, ఆ ఘాటు పైన మా పడకగదిలోకొచ్చి దగ్గు పట్టుకునేది. లూవర్లు బార్లా తెరిచి ఉన్నా అంతే. ఒకరోజు అగరుబత్తి వెలిగించి ఏట్రియం వైపున్న మా తలుపు దగ్గర పట్టుకుంటే పొగ నేరుగా గదిలోకి వెళ్ళింది. మధ్య అంతస్తులో అటూ ఇటూ ఊగింది. కింద మాత్రం ఏట్రియంలోకే పోయింది.

కారణం ఇది. ఏట్రియంలో ఒక ఎత్తు దగ్గర లోపలి పీడనం, బయటి పీడనం సమానంగా ఉంటాయి. దానికి కింద ఉన్న గదుల్లోంచి గాలి ఏట్రియంలోకి వస్తుంది. దానికి పైన ఉన్న గదుల్లోకి ఏట్రియం గాలే దూరుతుంది, అంటే కింది రెండిళ్ళూ వాడేసిన వేడిగాలి. గదుల కిటికీలను పక్కన పెట్టి చూస్తే, కింది జాలీ, పై లూవర్ల వైశాల్యం సమానమైతే ఆ ఎత్తు సరిగ్గా సగంలో ఉంటుంది. మా పై అంతస్తు దానికి పైనే ఉంది.

మరుసటి ఏడు గాజు కప్పును రెండు మీటర్లు లేపించాం. లూవర్లను జాలీలకు రెట్టింపు చేయించాం. అలా చేస్తే ఆ సమాన ఎత్తు ఐదింట నాలుగు వంతుల దాకా ఎక్కుతుంది. కింద జాలీ నుంచి పైన లూవర్ల దాకా ఇప్పుడు 12 మీటర్లు కాబట్టి అది మా గది తలుపులకు పైకి పోయింది. ఘాటు ఆగింది. దోమతెర గాలిదారిని చాలావరకు తినేస్తుంది కాబట్టి వైశాల్యం తెర పోగా మిగిలినదే లెక్కేసుకోవాలి. మా మేస్త్రీ మొదట ఫ్రేము కొలతే చెప్పాడు.

రెండో తలనొప్పి వానాకాలం గాలి. జూన్‌లో పడమటి గాలి మొదలయ్యాక పడమర లూవర్లు తెరిచి ఉంటే గాలి పైనుంచి లోపలికి తోసుకొచ్చి, వేడినంతా తిరిగి కిందికి నెట్టేది. జల్లు కూడా మెట్ల మీద పడేది. లోపల బయటికంటే మూడు డిగ్రీలు వేడిగా ఉంటే, పాత 10 మీటర్ల ఎత్తులో వేడి వల్ల పుట్టే పీడనం సుమారు 1.1 పాస్కల్. బల్ల మీద పడున్న ఒకటిన్నర ఏ4 కాగితాల బరువు ఆ బల్లను నొక్కినంత. సెకనుకు మూడు మీటర్ల వేగంతో వీచే మామూలు గాలి ఎదురుగోడను అంతకు నాలుగైదు రెట్లు నొక్కగలదు. గాలి ఎదురు తిరిగితే వేడి ఏం నెగ్గుతుంది? అందుకే ఇప్పుడు గేరు హ్యాండిల్‌తో పడమర వైపు మూసి, తూర్పువైపు మాత్రమే తెరుస్తాం. గాలి వెళ్ళే వైపు పీడనం తగ్గి, అదే లోపలి గాలిని లాగుతుంది. దిక్కు తెలియడానికి కప్పు మీద చిన్న రిబ్బన్ కట్టాం.

మే నెల మధ్యాహ్నం మాత్రం అసలు తెరవకూడదు. ఇది నేను తప్పు చేసే నేర్చుకున్నా. బయట 41, ఏట్రియం నేల దగ్గర 34 ఉన్న రోజు "గాలాడుతుందిలే" అని రెండింటికి అన్నీ తెరిచా. అగరుబత్తి పొగ కింది జాలీలోంచి బయటికి పోయింది! లోపలి చల్లగాలి బరువై కిందనుంచి జారిపోతుంటే, పైనుంచి వేడిగాలి దిగుతోంది, డ్రమ్ము కింద కొళాయి విప్పినట్టు. గంటలో ఇల్లంతా వేడెక్కింది. అప్పటినుంచి వేసవిలో పొద్దున ఎనిమిదికల్లా మూసేసి, బయటి గాలి లోపలికంటే చల్లబడ్డాకే, రాత్రి తొమ్మిది దాటాక తెరుస్తాం. గోడలు రాత్రి చల్లబడితే మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ హాయి ఉంటుంది. గాజు మీద బయటివైపు నీడబట్ట కట్టాకే ఇది నిలిచింది. లోపలివైపు కట్టినప్పుడు ఎండ వేడి లోపలే ఉండిపోయేది.

గాలి ఆకు కదలని, మబ్బు పట్టిన ఉక్కపోత రాత్రుల్లో మాత్రం ఇదేమీ చేయదు. లోపలికీ బయటికీ తేడా ఒక డిగ్రీ కూడా ఉండదు. అలాంటప్పుడు కప్పు కింద ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తాం. కట్టేటప్పుడే దానికి చోటు వదిలి ఉంటే కోసిన గాజుకు రెండోసారి డబ్బు పెట్టే పని తప్పేది.