హాట్‌స్పాట్ మీద రిమోట్ డెస్క్‌టాప్: రోజుకు 2 జీబీలో ఏ పద్ధతి మేలు?

నెలలో 11వ తేదీ. అమ్మకాల జీఎస్టీ రిటర్ను GSTR-1 వేయడానికి ఆఖరి రోజు. సాయంత్రం ఆరున్నరకు మా ఆఫీసులో పనిచేసే తమ్ముడు ఉప్పల్ నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, పొద్దున 2 జీబీ మొత్తం ఉండె. ఇప్పుడు అయిపోయిందని మెసేజ్ వచ్చింది. నేను వీడియోలు కూడా చూడలే. ఇంకా నాలుగు రిటర్నులున్నయ్." ఇంటి బ్రాడ్‌బ్యాండ్ పోయింది కాబట్టి, ఫోన్ హాట్‌స్పాట్‌తో ఆబిడ్స్ ఆఫీసు కంప్యూటర్‌ను రిమోట్ డెస్క్‌టాప్‌లో తెరుచుకుని పనిచేస్తున్నాడు.

హైదరాబాదులో ఇది అరుదైన సంగతేం కాదు. 2025 ఆగస్టులో రామంతాపూర్ విద్యుదాఘాత దుర్ఘటన తర్వాత కరెంటు స్తంభాల మీది కేబుళ్లు తీసేసినప్పుడు ఎన్నో ఇళ్లలో నెట్ ఆగిపోయి అందరూ ఫోన్ల మీద పడ్డారు. అలాంటి రోజున ముందు ఉన్న దారులు మూడు. సెషన్‌ను ఉన్నదున్నట్టు వాడటం ఒకటి, సెట్టింగులు తగ్గించి వాడటం రెండోది, బ్రౌజర్ పనిని సెషన్ బయటికి తెచ్చి మిగతాది లోపల చేయడం మూడోది. నా ఓటు మూడోదానికే. ఎందుకో లెక్కతో చెబుతాను.

రిమోట్ డెస్క్‌టాప్ ఆఫీసు కంప్యూటర్‌లోని ఫైళ్లను మనకు పంపదు. తెరమీద ఎక్కడ మార్పు వచ్చిందో ఆ ముక్క బొమ్మను మాత్రమే పంపుతుంది. తెర కదలకపోతే దాదాపు ఏమీ రాదు. అందుకే ఎంతసేపు కనెక్ట్ అయి ఉన్నామన్నదానికంటే తెర ఎంత కదిలిందన్నదే డేటాను తేలుస్తుంది. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అంచనాల్లోనే ఇది స్పష్టంగా కనబడుతుంది. ఒకే ఫుల్ హెచ్‌డీ తెర మీద ఏమీ చేయకుండా ఉంటే 0.3 కేబీపీఎస్, ఎక్సెల్ పనికి 150 నుంచి 200 కేబీపీఎస్, వెబ్ బ్రౌజింగ్‌కు 6 నుంచి 6.5 ఎంబీపీఎస్. ఎక్సెల్‌కూ బ్రౌజర్‌కూ మధ్య తేడా ముప్ఫై రెట్లు.

ఇప్పుడు తమ్ముడి రోజును ఈ లెక్కలో పెడదాం. అతను లెక్కలు రాసే టాలీ తెర నిలకడగా ఉండే అంకెల తెర కాబట్టి దాన్ని ఎక్సెల్‌తో సమానంగా తీసుకుంటున్నాను. 200 కేబీపీఎస్ అంటే గంటకు 90 ఎంబీ. మూడు గంటల టాలీకి 270 ఎంబీ. ఆ తర్వాత అతను జీఎస్టీ పోర్టల్‌ను కూడా ఆఫీసు కంప్యూటర్‌లోని బ్రౌజర్‌లోనే తెరిచాడు. 6 ఎంబీపీఎస్ అంటే నిమిషానికి 45 ఎంబీ. స్క్రోల్ చేస్తూ, పేజీలు మారుస్తూ నలభై నిమిషాలు గడిపితే 1,800 ఎంబీ. రెండూ కలిపితే 2,070. రోజు కోటా సరిగ్గా అక్కడే అయిపోయింది. మధ్యమధ్య చెయ్యి ఆగితే ఖర్చు ఇంతకంటే తక్కువే ఉంటుంది, కానీ డేటాను తినేసింది టాలీ కాదు, బ్రౌజర్ అన్నది మాత్రం మారదు.

పోర్టల్‌లో ఇంకో చిక్కుంది. రిటర్ను వివరాలుండే JSON ఫైల్ ఎక్కించాక అది ప్రాసెస్ అయ్యేదాకా ఎదురుచూడాలి. ఆ సమయంలో తెరమీద గుండ్రంగా తిరిగే బొమ్మ ఏదైనా ఉంటే, అది తిరిగినంతసేపూ ఆ ముక్క మళ్లీమళ్లీ మన ఫోన్ మీదుగా వస్తూనే ఉంటుంది. మనం చేతులు కట్టుకుని కూర్చున్నా డేటా కరుగుతుంది. అలాంటప్పుడు రిమోట్ డెస్క్‌టాప్ కిటికీని మినిమైజ్ చేయండి. కిటికీ కనబడకపోతే బొమ్మలు పంపడం ఆపమని అవతలి కంప్యూటర్‌కు కబురు వెళుతుంది. దాన్ని వేరే కిటికీ వెనక వదిలేస్తే చాలదు, కిందికి దించాల్సిందే.

రెండో పద్ధతి, అంటే సెట్టింగులు తగ్గించడం, పది నిమిషాల పని. రిమోట్ డెస్క్‌టాప్ యాప్‌లో Save As నొక్కి ఒక .rdp ఫైల్ దాచుకుని, దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఈ వరుసలు ఇలా ఉండేట్టు చూడండి. ఉన్న వరుసను మార్చాలి, లేకపోతే చేర్చాలి.

```
screen mode id:i:1
desktopwidth:i:1366
desktopheight:i:768
use multimon:i:0
networkautodetect:i:0
connection type:i:2
disable wallpaper:i:1
disable full window drag:i:1
disable menu anims:i:1
audiomode:i:2
redirectprinters:i:0
```

వీటిలో నిజంగా బరువు తగ్గించేది తెర కొలత. 1920×1080లో ఉన్న చుక్కల్లో సుమారు సగమే 1366×768లో ఉంటాయి, కాబట్టి పేజీ మారిన ప్రతిసారీ పంపాల్సిన బొమ్మ కూడా సగమవుతుంది. ఆఫీసులో రెండు మానిటర్లు వాడే అలవాటున్నవాళ్లు ఇంటి దగ్గర కూడా రెండూ తెరుస్తారు, use multimon వరుస దాన్ని ఆపుతుంది. networkautodetect ను సున్నా చేయకపోతే హాట్‌స్పాట్ వేగంగా ఉందని చూసి అది తనంతట తానే వాల్‌పేపర్, యానిమేషన్లు అన్నీ తిరిగి తెచ్చుకుంటుంది. 5జీ బాగా అందే చోట జరిగేది ఇదే. వేగం ఉంది గదా అని సెషన్ విచ్చలవిడిగా తింటుంది, మనకేమో కొరత వేగానిది కాదు, కోటాది. audiomode 2 పెడితే అవతలి శబ్దం రాదు. ఆఖరి వరుస ఇంటి ప్రింటర్‌ను సెషన్‌కు తగిలించకుండా చూస్తుంది. ఇంట్లో ప్రింట్ కావాలంటే లోపల పీడీఎఫ్ చేసి ఆ ఫైల్ తెచ్చుకోవడం తేలిక.

ఇంత చేసినా బ్రౌజర్ బ్రౌజరే. ఖర్చు సగానికి తగ్గినా 1,800లో 900 ఎంబీ మిగిలే ఉంటుంది. అందుకే మూడో పద్ధతి. టాలీ ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉండనివ్వండి. JSON అక్కడే తయారుచేసి, ఆ ఫైల్ మీద Ctrl+C కొట్టి, మీ ల్యాప్‌టాప్ ఫోల్డర్‌లో Ctrl+V కొట్టండి. చిన్న వ్యాపారి నెల బిల్లుల ఫైల్ వాట్సాప్‌లో వచ్చే ఒక ఫొటో అంత కూడా ఉండదు. ఇప్పుడు సెషన్‌ను మినిమైజ్ చేసి, పోర్టల్‌ను మీ ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లోనే తెరవండి. ఇక్కడ పేజీ ఒక్కసారి దిగుతుంది, దాని కోడ్, బొమ్మలు చాలావరకు బ్రౌజర్ దాచుకుంటుంది, ఆ తర్వాత ఎంత స్క్రోల్ చేసినా కొత్తగా ఏమీ రాదు. ఇలా చేస్తే అదే నలభై నిమిషాల పని పదుల ఎంబీల్లో తేలిపోతుంది. తమ్ముడి రోజంతా కలిపినా అర జీబీ దాటేది కాదు.

మూడో పద్ధతి అన్ని చోట్లా కుదరదని ఒప్పుకోవాలి. క్లయింట్ ఫైళ్లు ఆఫీసు కంప్యూటర్ దాటి బయటికి రాకూడదని నియమం పెట్టుకున్న సంస్థలున్నాయి, అక్కడ కాపీ చేయడానికే వీలుండదు. వాళ్లకు రెండో పద్ధతే గతి. అప్పుడు మౌస్ చక్రం తిప్పడం మానేసి Page Down వాడండి. చక్రం తిప్పితే పేజీ మెల్లగా జారుతూ, ఆ జారుడులో ప్రతి మెట్టూ ఒక బొమ్మై వస్తుంది. Page Down తో ఆ మెట్లు బాగా తగ్గుతాయి. కావలసిన ఇన్‌వాయిస్‌ను Ctrl+F తో వెతకండి. వీడియో మీటింగ్‌ను మాత్రం ఏ పద్ధతిలోనూ సెషన్ లోపల తెరవకండి. ఫోన్‌లో ఆడియోతో చేరితే చాలు.

ఎనీడెస్క్ లాంటి వేరే రిమోట్ యాప్‌లు మేలా అని అడుగుతుంటారు. డేటా సంగతిలో వాటికీ ఇదే సూత్రం, కదిలే తెర ఖర్చు, నిలిచిన తెర పొదుపు. విండోస్ హోమ్ ఎడిషన్ ఉన్న కంప్యూటర్‌లోకి మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్లలేం, దానికి ప్రో కావాలి. అక్కడ అవి పనికొస్తాయి. ప్రో ఉంటే వీపీఎన్ మీదుగా మైక్రోసాఫ్ట్‌దే వాడమంటాను. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టడం మాత్రం వద్దు.

ఇక ప్యాకుల సంగతి. రోజువారీ కోటా మర్నాటికి మిగలదు, అర్ధరాత్రి దాటితే పోయినట్టే. మా పనిలో బరువంతా 10, 11 తేదీల్లో, మళ్లీ GSTR-3B కోసం 20కి ముందు పడుతుంది. మిగతా రోజుల్లో 2 జీబీలో సగం కూడా తాకం. ఇలాంటివాళ్లకు రోజు హద్దు లేకుండా నెలకు ఇంత అని ఒకేసారి ఇచ్చే ప్యాకే మేలు. రోజూ సమానంగా వాడేవాళ్లకు రోజు కోటా చాలు, ఒక డేటా వోచర్ చేతిలో ఉంచుకుంటే సరి. అపరిమిత 5జీని నమ్ముకుంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఇంటి లోపలి గదిలో ఫోన్ 4జీకి దిగిందంటే అక్కడి నుంచి రోజు కోటాలోంచే పోతుంది. ఫోన్‌ను కిటికీ దగ్గర పెట్టండి.

సెషన్ కాకుండా ల్యాప్‌టాప్ తనంతట తాను తాగే డేటా ఇంకొకటి. విండోస్ అప్‌డేట్, వన్‌డ్రైవ్ రెండూ హాట్‌స్పాట్‌ను ఇంటి వైఫై అనుకుంటాయి. ఆ వైఫై ప్రాపర్టీస్‌లో Metered connection ఆన్ చేస్తే చాలావరకు ఆగుతాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. వైఫైకి ఆన్ చేసి, తర్వాత బ్యాటరీ కోసం యూఎస్‌బీ కేబుల్‌తో టెతరింగ్‌కు మారతారు. కేబుల్ మీద ఫోన్ విండోస్‌కు ఈథర్‌నెట్‌లా కనబడుతుంది, దానికి ఈ సెట్టింగ్ విడిగా పెట్టాలి. ఎవరు తాగారో తెలియాలంటే విండోస్‌లో Data usage పేజీ చూడండి, యాప్ పేరుతో సహా చెబుతుంది.

కోటా అయిపోయాక చాలా ప్యాకుల్లో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. సిగ్నల్ గీతలు నిండుగా ఉండి, ఫోన్‌లో కూడా పేజీ తెరుచుకోకపోతే అది సిగ్నల్ లోపం కాదు, కోటా. ఎక్సెల్ పనికే 150 కావాలి కాబట్టి, ఆ వేగంలో టైప్ చేసిన అక్షరం ఎంతోసేపటికి కనబడుతుంది. తొందరపడి అదే బటన్ మళ్లీ నొక్కితే ఎంట్రీ రెండుసార్లు పడే ప్రమాదముంది. ఆ రోజు తమ్ముడికి నేను చెప్పింది ఒక్కటే: "ఏం నొక్కకు. Sign out కొట్టకు, పైన క్రాస్ నొక్కి కిటికీ మూసెయ్." అలా మూస్తే సెషన్ తెగుతుంది గానీ, ఆఫీసు కంప్యూటర్‌లో టాలీ తెరిచినది తెరిచినట్టే ఉంటుంది. వోచర్ వేసుకుని తిరిగి లోపలికి వెళ్లేసరికి, సగంలో వదిలిన ఇన్‌వాయిస్ ఎంట్రీ అక్కడే ఉంది. మిగిలిన నాలుగు రిటర్నుల పోర్టల్ పని ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లోనే చేసి, తొమ్మిది లోపు ముగించాడు.