‘సెక్యూరిటీకి ఇచ్చేశాం సార్’: చాలాకాలం వాడాక నా సమీక్ష

అపార్ట్‌మెంట్‌లో ఉంటూ ఇద్దరం ఉద్యోగాలు చేస్తుంటే పార్సిల్ నేరుగా మా చేతికి రావడం తక్కువే. పక్క ఫ్లాట్ వాళ్ళకో, గేటు దగ్గర సెక్యూరిటీకో, పాత అపార్ట్‌మెంట్‌లో అయితే కింద రిసెప్షన్‌కో ఇచ్చి వెళ్ళిపోతారు. ఏళ్ళ తరబడి ఈ మూడూ వాడాను. సదుపాయంగా మూడింటికీ మంచి మార్కులే వేస్తాను. పార్సిల్ పోయిన రోజున మాత్రం మూడూ వేరు వేరుగా కనిపిస్తాయి. అప్పుడు అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఒకటుంది: వాళ్ళకి ఇవ్వమని చెప్పింది ఎవరు?

మనమే చెప్పి ఉంటే, వాళ్ళ చేతిలో పడిన క్షణమే డెలివరీ అయిపోయినట్టు అమ్మినవాళ్ళు లెక్కవేస్తారు. డెలివరీ అబ్బాయి తన వీలు చూసుకుని ఇచ్చేసి ఉంటే, పార్సిల్ ఇంకా మనకి చేరలేదని గట్టిగా వాదించవచ్చు. యూరోపియన్ యూనియన్ 2011లో తెచ్చిన వినియోగదారుల హక్కుల ఆదేశంలో ఇది సూటిగానే ఉంది. కొన్నవాడు గానీ, కొన్నవాడు చూపించిన మనిషి గానీ సరుకు చేతిలోకి తీసుకునే దాకా పోయిన నష్టం అమ్మినవాడిదే. బ్రిటన్‌లో 2015 నాటి చట్టం కూడా ఇదే మాట అంటుంది. మన దగ్గర ముందు కొన్న చోటి షరతులు చూసుకోవాలి, కానీ కస్టమర్ కేర్‌తో మాట్లాడేటప్పుడు పనికొచ్చే ప్రశ్న మాత్రం ఇదే.

నాకు జరిగింది చెబుతాను. ఒక హార్డ్ డిస్క్ ఆర్డర్ చేశాను. మధ్యాహ్నం ట్రాకింగ్‌లో ‘డెలివర్డ్’ అని వచ్చింది, తీసుకున్నవారి పేరు దగ్గర ‘సెక్యూరిటీ’ అని ఉంది. సాయంత్రం గేటు దగ్గర అడిగితే పార్సిళ్ళు పెట్టే రాక్‌లో లేదు. డ్యూటీ అప్పటికే మారింది, రాత్రి గార్డుకి ఏమీ తెలియదు. రిజిస్టర్ తెరిపించాను. మధ్యాహ్నం ఎంట్రీ ఉంది. కొరియర్ పేరు, మా ఫ్లాట్ నంబర్, టైమ్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరి గడిలో ‘తీసుకున్నారు’ అన్న చోట ఒక సంతకం కూడా ఉంది. పెన్ను ఒక గుండ్రం తిరిగి కిందికి జారిన గీత. అది నాది కాదు, మా ఆవిడదీ కాదు. ఆ రోజు పేజీలో అలాంటి గీతలు ఇంకో నాలుగైదు గడుల్లో కనిపించాయి. మనుషులు వస్తూ పోతూ పక్క లైన్‌లో కూడా సంతకం పెట్టేస్తారని రాత్రి గార్డే అన్నాడు. సీసీ కెమెరా గేటు వైపు తిరిగి ఉంది, రాక్ వైపు కాదు.

కస్టమర్ కేర్ మొదటి జవాబు అందరికీ వచ్చేదే: ‘మీ సెక్యూరిటీ తీసుకున్నారు కాబట్టి మా వైపు నుంచి డెలివరీ పూర్తయింది.’ దానికి రెండు విషయాలు రాశాను. ఒకటి, నా అడ్రస్ కింద డెలివరీ సూచనల పేజీలో ‘సెక్యూరిటీకి ఇవ్వండి’ అన్నది ఎంచుకుని లేదు. ఆ పేజీ స్క్రీన్‌షాట్ జత చేశాను. రెండు, ఆ రోజు డెలివరీ నంబర్ నుంచి నాకు కాల్ రాలేదు. కాల్ లాగ్ కూడా పెట్టాను. ‘వస్తువు ఎక్కడుంది’ అని అడగలేదు, ‘ఎవరి అనుమతితో మూడో మనిషికి ఇచ్చారు’ అని అడిగాను. రిజిస్టర్ ఫొటో పంపాలా వద్దా అని కాసేపు ఆలోచించాను, ఎందుకంటే గార్డు అందుకున్నాడని అది ఒప్పుకుంటుంది. చివరికి పంపాను. గార్డు తీసుకున్నాడా లేదా అన్నది మా గొడవే కాదు కదా. కొరియర్ వాళ్ళతో విచారణ చేస్తామన్నారు, తర్వాత రిఫండ్ వచ్చింది.

మా పై ఫ్లాట్ ఆయన విషయంలో మాత్రం ఇలా తేలలేదు. డెలివరీ అబ్బాయి ఫోన్ చేస్తే ‘గేట్లో ఇచ్చేయ్ బాబూ’ అని ఆయనే అన్నారు, ఓటీపీ కూడా ఫోన్లోనే చెప్పేశారు. ఓటీపీ చెప్పడమంటే ‘నాకు అందింది’ అని ఒప్పుకున్నట్టే వాళ్ళ సిస్టమ్‌లో పడుతుంది. ఆ తర్వాత పెట్టె కనిపించకపోతే అమ్మినవాళ్ళ దగ్గరికి వెళ్ళే దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఇక మిగిలేది గార్డు, అతని ఏజెన్సీ, అసోసియేషన్.

ఆ దారి ఎంత దూరం పోతుందో చూద్దాం. మన వస్తువు ఇంకొకరి దగ్గర ఉంచితే, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో వాళ్ళూ అంత జాగ్రత్త తీసుకోవాలని 1872 నాటి భారత కాంట్రాక్ట్ చట్టం, సెక్షన్ 151 అంటుంది. అంత జాగ్రత్త తీసుకున్నా పోతే, వేరే ఒప్పందం లేకుండా వాళ్ళని పట్టుకోలేం. అంటే పక్కింటావిడ పెట్టెని తన హాల్లో పెట్టుకుంటే, తాళం పగలగొట్టి దొంగలు పడి ఎత్తుకుపోతే ఆవిడ తప్పు కాదు. అదే పెట్టెని రాత్రంతా మెట్ల మీద వదిలేస్తే మాట్లాడే వీలుంది. వీలుందన్నాను గానీ, రోజూ లిఫ్ట్‌లో ఎదురయ్యే మనిషిని నేనైతే అడగను.

గార్డు సంగతి ఇంకా చిక్కు. అతని యజమాని ఏజెన్సీ. ఏజెన్సీకి ఒప్పందం ఉన్నది అసోసియేషన్‌తో, నాతో కాదు. ఆ ఒప్పందంలో పార్సిళ్ళు తీసుకోవడం అసలు పనిగా రాసి ఉందో లేదో చూడాలి. మా దాంట్లో లేదు. అతను చేస్తున్నది మొహమాటానికి. పోయినదాని విలువ అతని జీతంలో కోయాలని మీటింగ్‌లో ఒకరు అంటే నాకు ఒళ్ళు మండింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది, అదొక్కటి నయం.

రిసెప్షన్ మాత్రం వీటికన్నా నయంగా నడిచేది. ఒకే మనిషి, తాళం ఉన్న అర, పార్సిల్ రాగానే మెసేజ్. తీసుకునేటప్పుడు ట్రాకింగ్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలు చెప్పాలి. గోడ మీద ‘పార్సిళ్ళకు బాధ్యత మాది కాదు’ అని బోర్డు ఉండేది. ఆ బోర్డుతో అన్నీ తీరిపోవు గానీ, మెయింటెనెన్స్ ఒప్పందంలో ‘పార్సిళ్ళు తీసుకోవడం’ సేవగా రాసి ఉందా అన్నది అంతకన్నా ముఖ్యం. ఉంటే మాట్లాడటానికి కొంత పట్టు దొరుకుతుంది.

పార్సిల్ కనిపించకపోతే గేటు దగ్గర గొడవతో ఆ సాయంత్రం గడిచిపోతుంది, ఫిర్యాదు మర్నాటికి వాయిదా పడుతుంది. ముందు ఫిర్యాదే పెట్టండి. ట్రాకింగ్ పేజీలో తీసుకున్నవారి పేరు, టైమ్, డెలివరీ ఫొటో ఉంటే అవి స్క్రీన్‌షాట్ తీసుకోండి. కస్టమర్ కేర్ తేల్చకపోతే ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అప్పటికీ కాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది.

మా గేట్లో ఇప్పుడు రిజిస్టర్‌కి ఇంకో గడి కలిసింది, ట్రాకింగ్ చివరి నాలుగు అంకెలకి. డ్యూటీ మారేటప్పుడు రాక్‌లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఇద్దరు గార్డులూ సంతకం పెడతారు. చిన్నాచితకా వస్తువులకి గేటు నాకు సరే. ఖరీదైనదైతే అడ్రస్ సూచనలో ‘చేతికే ఇవ్వాలి’ అని పెడతాను, ఇంట్లో ఎవరూ లేకపోతే డెలివరీ మరో రోజుకి మార్పించుకుంటాను, ఓటీపీ మాత్రం పెట్టె చూశాకే చెబుతాను.