20 వేల అడుగులా, 35 వేలా: జెట్ విమానానికి ఏ ఎత్తు మేలు?

"హైదరాబాద్ నుంచి ఢిల్లీకి 35 వేల అడుగుల ఎత్తున ఎందుకు వెళ్లాలి? 20 వేలలోనే పోతే పైకెక్కే ఇంధనం మిగులుతుంది కదా?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. పైన గాలి పలచన, అడ్డు తక్కువ అనేది మామూలుగా చెప్పే జవాబు. కానీ విమానాన్ని మోయాల్సింది కూడా ఆ పలచని గాలే. అందుకే లెక్క ఇంకాస్త లోతుగా చూడాలి.

ఎయిర్‌బస్ ఏ320 విమానాన్నే తీసుకుందాం. ఎత్తు మారినా దాని బరువు మారదు, కాబట్టి రెక్కలు అంతే బరువు మోయాలి. గాలి పలచనయ్యే కొద్దీ వేగం పెంచితేనే అది కుదురుతుంది. 20 వేల అడుగుల్లో గాలి సాంద్రత నేలమట్టంలో ఉన్నదానిలో సగానికి కాస్త ఎక్కువ. 35 వేలలో మూడో వంతు కూడా ఉండదు. కింద గంటకు 630 కిలోమీటర్ల వేగంతో ఎంత గాలి అడ్డు ఉంటుందో, పైన 830 దగ్గర ఇంచుమించు అంతే ఉంటుంది. అడ్డు అంతే అయితే విమానాన్ని ముందుకు నెట్టడానికి ఇంజిన్ ఇవ్వాల్సిన తోపు కూడా అంతే.

నా దృష్టిలో అసలు తేల్చేది ఇక్కడే ఉంది. జెట్ ఇంజిన్ తాగే ఇంధనం ప్రధానంగా తోపును బట్టి ఉంటుంది. రెండు ఎత్తుల్లోనూ గంటకు సుమారు 2,400 కిలోలు ఖర్చవుతుందనుకుందాం. వెయ్యి కిలోమీటర్లకు పైన 2,900 కిలోలు చాలు, కింద 3,800 కావాలి. కింద కూడా 830 వేగంతోనే పోదామంటే అడ్డు బాగా పెరిగి ఇంధనం ఇంకా ఎక్కువవుతుంది.

టేకాఫ్ కోసం చేసిన పెద్ద ఇంజిన్‌ను కింద, దట్టమైన గాలిలో, బాగా తగ్గించి నడపాలి. అలా నడిస్తే దాని సామర్థ్యం పడిపోతుంది. పైన గాలి పలచన కాబట్టి అంతే తోపుకు అది దాదాపు పూర్తి స్థాయిలో తిరగాలి. పైగా అక్కడ మైనస్ 54 డిగ్రీల చలి. చల్లని గాలిని కుదించడానికి ఇంజిన్‌కు తక్కువ శక్తి చాలు.

ఎక్కడానికి పెట్టిన ఇంధనంలో కొంత దిగేటప్పుడు తిరిగొస్తుంది. ఇంజిన్లను ఐడిల్‌లో పెట్టి, వంద మైళ్ల పైచిలుకు దూరం జారుతూ దిగుతారు.

మరి 41 వేలకు ఎందుకు పోరు? ఏ320 పరిమితి 39 వేల పైచిలుకే. నిండు బరువుతో అంత ఎత్తుకైనా పోలేదు: రెక్కలు ఇక మోయలేక స్టాల్ అయ్యే వేగం, దాటకూడని గరిష్ఠ వేగం బాగా దగ్గరపడతాయి. 36 వేలు దాటాక చలి కూడా పెరగదు. దూరప్రయాణాల్లో ఇంధనం కరిగి బరువు తగ్గే కొద్దీ మెట్లు మెట్లుగా పైకెక్కడం ఈ బరువు పరిమితి వల్లే.

చిన్న దూరాలు తిరిగే ప్రొపెల్లర్ విమానం ఏటీఆర్‌కు 20 వేలలోపే చాలు. ఎదురుగాలి మరీ బలంగా ఉన్న రోజు జెట్ కూడా కాస్త కిందికి దిగుతుంది. మిగతా రోజుల్లో నా ఓటు 35 వేలకే.